ఈస్టర్ ఉదయం యూత్‌కి పంపే చిన్న సందేశం రాయడం ఎలా

మా సంఘంలో ఈస్టర్ ఆరాధన సమాధుల తోటలో మొదలవుతుంది. ముందురోజే కుటుంబాలవాళ్లు తమవాళ్ల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పేర్చి వెళ్తారు. ఆదివారం చీకటి ఉండగానే కొవ్వొత్తులు పట్టుకుని, పాటలు పాడుకుంటూ అక్కడికి చేరతాం. తూర్పు తెల్లబడే వేళకు అయ్యగారు "క్రీస్తు లేచెను" అంటారు. మేమంతా "నిజముగా లేచెను" అంటాం. గుంటూరు జిల్లాలో మాదొక చిన్న ఊరు. అక్కడ తొమ్మిదేళ్లు యూత్ లీడరుగా ఉన్నాను. ప్రతి ఈస్టర్‌కీ ఇల్లు కదిలే ముందు యూత్ వాట్సాప్ గ్రూపులో నాలుగు మాటలు పెట్టేవాణ్ణి. ఇప్పుడా బాధ్యత తమ్ముళ్ల చేతికి వెళ్లింది. "అన్నా, ఏం రాయమంటావు?" అని వాళ్లు అడుగుతున్నారు కాబట్టి, నేను చేసిన పద్ధతిని మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను.

ఎంత పొడుగు ఉండాలో ముందే అనుకోండి. అరవై డెబ్బై మాటలు చాలు. ఆ వేళకు పిల్లలు స్నానం చేసి, చెప్పులు వెతుక్కుంటూ, తమ్ముడినో చెల్లినో నిద్రలేపుతూ ఉంటారు. ఫోను ఒక్కసారి చూస్తారు. ఒక తెరలో పట్టినదే చదువుతారు. పొడుగు సందేశాన్ని వాట్సాప్ సగంలో కత్తిరించి మిగతాది దాచేస్తుంది. ఆ హడావిడిలో దాన్ని ఎవరూ నొక్కి తెరవరు.

బుధవారం రాత్రి: ముందు పేర్లు రాసుకోండి

శ్రమల వారంలో బుధవారం రాత్రి ఒక్కటే లీడరుకు ఖాళీ దొరుకుతుంది. గురువారం సాయంత్రం ప్రభురాత్రి భోజన ఆరాధన ఉంటుంది. శుక్రవారం ఏడు మాటల ధ్యానం పన్నెండింటికి మొదలై మూడింటిదాకా సాగుతుంది. కుర్చీలు, మైకు, పాటల షీట్లు అన్నీ యూత్ మీదే పడతాయి. శనివారం తోట శుభ్రం చేయాలి. శనివారం అర్ధరాత్రి కూర్చుని రాద్దామంటే ఒళ్లు సహకరించదు. అప్పుడు ఎవరో పంపిన పువ్వుల బొమ్మనే ముందుకు తోసేస్తాం.

బుధవారం రాత్రి ఒక నోటుపుస్తకం తీసుకుని యూత్‌లో ఉన్న ప్రతి పేరూ రాయండి. పేరు పక్కన ఒక్క ముక్క రాయండి: ఈ వారం ఆ మనిషి దేనికోసం ఎదురుచూస్తున్నాడు? జవాబు తెలియని పేర్ల పక్కన ఖాళీ వదిలేయండి. ఆ ఖాళీలతో తర్వాత పని ఉంది.

సందేశంలో ఈ పేర్లేవీ రావు. అయినా ఈ పని చేయకపోతే ఎవరికైనా సరిపోయే మాటలే రాస్తాం. ఎవరికైనా సరిపోయేవి ఎవరినీ తాకవు. ఇంకో సంగతి. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది, మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఏ ఆదివారమైనా రావచ్చు. మన పిల్లలకు అవి పరీక్షల రోజులో, ఫలితాల రోజులో. 2024లో ఈస్టర్ మార్చి 31న వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి కాబట్టి ఆ ఉదయం ఇంటర్ పిల్లలందరూ ఎదురుచూపుల్లో ఉన్నారు. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. ఆసారి ఇంటర్ ఫలితాలు అంతకు వారం ముందే వచ్చేశాయి. గెలిచినవాళ్లు, పోయినవాళ్లు అని అప్పటికే తేలిపోయింది. పదో తరగతి పిల్లలే ఇంకా మూడు రోజులు ఆగాలి. 2024 సందేశాన్నే 2025లో మళ్లీ పెట్టి ఉంటే, ఫిజిక్స్ పోయిన పిల్లకు "ఫలితాల కోసం ఎదురుచూస్తున్న మీకు" అన్న మాట ముల్లులా గుచ్చుకునేది. అందుకే పాత సందేశాన్ని ఎప్పుడూ తిరిగి వాడకండి.

ఇక్కడ నేను 2024 ఈస్టర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. అప్పుడు మా పుస్తకంలో ముప్ఫైరెండు పేర్లు ఉన్నాయి. ఏడుగురు ఇంటర్ ఫలితాల కోసం చూస్తున్నారు. ముగ్గురు హైదరాబాద్‌లో అమీర్‌పేటలో ఏడాది కోచింగ్ తీసుకుని, ఉద్యోగం రాక ఇంటికి వచ్చేశారు. ఒక తమ్ముడి వాళ్లమ్మకు డయాలసిస్ జరుగుతోంది. ఒక చెల్లి వాళ్ల నాన్న సంక్రాంతికి ముందు చనిపోయారు. ఒకబ్బాయి కువైట్‌లో ఉన్నాడు. నలుగురు కూడికకు రావడం లేదు, వాళ్ల పేర్ల పక్కన ఖాళీ.

ఒకే దృశ్యం ఎంచుకోండి

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఈస్టర్ మొత్తాన్ని ఒక్క సందేశంలో కూర్చాలనుకోవడం. సిలువ, రక్తం, సమాధి, దూతలు, మరణం మీద విజయం, రెండో రాకడ అన్నీ వరసగా వస్తాయి. చదివేవాడికి ఏదీ కళ్లకు కట్టదు. నాలుగు సువార్తల్లోనూ పునరుత్థానం చిన్న చిన్న దృశ్యాలుగా ఉంది. మీ పుస్తకంలోని పేర్లకు ఏది దగ్గరగా ఉందో చూసి ఆ ఒక్కటే తీసుకోండి.

నేను మళ్లీ మళ్లీ తిరిగి వెళ్లినవి నాలుగు. మొదటిది మార్కు పదహారో అధ్యాయంలో ఉంది. ముగ్గురు స్త్రీలు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధికి నడుస్తూ, ఆ రాయిని మనకోసం ఎవరు దొర్లిస్తారని దారిలో మాట్లాడుకుంటారు. జవాబు చేతిలో లేకుండానే బయల్దేరినవాళ్ల కథ ఇది. పరీక్షలు, ఉద్యోగాలు, వీసాలు అంటూ జనం ఆగి ఉన్న ఏడాదికి ఇదే సరిపోతుంది.

రెండోది యోహాను ఇరవయ్యో అధ్యాయం. మగ్దలేనే మరియ సమాధి బయట ఏడుస్తూ నిలబడి ఉంది. యేసు ఎదురుగా ఉన్నా తోటమాలి అనుకుంది. ఆయన "మరియా" అని పేరు పెట్టి పిలిచాకే గుర్తుపట్టింది. సంఘంలో చావు జరిగిన ఏడాది, ముఖ్యంగా యూత్‌లోనే ఒకరిని పోగొట్టుకున్న ఏడాది, ఇంకో దృశ్యం వెతకక్కర్లేదు.

మూడోది లూకా ఇరవై నాలుగులోని ఎమ్మాయు దారి. మన తెలుగు బైబిలు దాన్ని "ఆమడ దూరము" అంటుంది. ఆ ఇద్దరూ యెరూషలేము వదిలి వెళ్లిపోతున్నారు. యేసు వాళ్ల వెంట నడిచాడు, వాళ్లు వెళ్లే వైపే నడిచాడు. గ్రూపులో గొడవలై, సగంమంది రావడం మానేసిన ఏడాది నేను దీన్ని తీసుకున్నాను.

నాలుగోది యోహాను ఇరవై ఒకటి. రాత్రంతా వల వేసినా ఏమీ పడలేదు. తెల్లారేసరికి ఒడ్డున నిప్పులు, వాటిమీద చేపలు, "రండి భోజనము చేయుడి" అన్న పిలుపు. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, కష్టపడ్డా చేతికేమీ రానివాళ్లు ఎక్కువున్న గుంపుకు ఇది నచ్చుతుంది. మా వైపు సముద్రం దగ్గరి ఊళ్ల పిల్లలకైతే వివరించే పనే ఉండదు.

2024లో పేర్లన్నీ చూశాక మొదటిదే తేలింది. ఇంటర్ పిల్లలకూ, ఉద్యోగం లేనివాళ్లకూ, డయాలసిస్ తమ్ముడికీ అందరికీ ముందు ఒక రాయి ఉంది. నాన్నను పోగొట్టుకున్న చెల్లికి మాత్రం ఈ దృశ్యం సరిపోదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

వాక్యభాగాన్ని అచ్చు బైబిల్లో చదవండి

దృశ్యం మనకు తెలిసిందే కదా అని జ్ఞాపకం మీద రాస్తే నాలుగు సువార్తలూ కలిసిపోతాయి. నేనూ కలిపేశాను. మొదటి చిత్తుప్రతిలో "ఇంకా చీకటిగా ఉండగానే ముగ్గురు స్త్రీలు" అని రాసి, అది మార్కులోదే అనుకున్నాను. అయ్యగారికి చూపిస్తే బైబిలు తెరిచి ఇచ్చారు. "ఇంకను చీకటిగా ఉన్నప్పుడు" అనేది యోహాను మాట, అక్కడ పేరు చెప్పింది మగ్దలేనే మరియ ఒక్కతెనే. మార్కులో ఉన్నది ముగ్గురు, మగ్దలేనే మరియ, యాకోబు తల్లియైన మరియ, సలోమే. వాళ్లు వచ్చింది పెందలకడ, సూర్యోదయమైనప్పుడు. యూత్‌లో బైబిలు క్విజ్‌లకు చదివే పిల్లలుంటారు. వాళ్లు ఇలాంటివి వెంటనే పట్టుకుంటారు. తప్పు దొరికిందంటే ఆ ఉదయం గ్రూపులో మాట అటే మళ్లుతుంది.

అచ్చు బైబిల్లో చదవడంలో ఇంకో లాభం ఉంది. మనం మర్చిపోయిన ముక్క కనపడుతుంది. అయ్యగారు తెరిచి ఇచ్చిన ఆ పేజీలోనే నాకు ఏడో వచనం కనపడింది. దూత ఆ స్త్రీలతో, మీకంటే ముందుగా ఆయన గలిలయకు వెళ్తున్నాడు, అక్కడ ఆయన్ని చూస్తారు, ఈ మాట శిష్యులతోనూ పేతురుతోనూ చెప్పండి అంటాడు. గలిలయ వాళ్ల సొంత ప్రాంతం. వలలు, పడవలు, ఇళ్లు, అప్పులు, పనులు అన్నీ అక్కడే. మూడుసార్లు ఎరగనన్న పేతురు పేరును దూత విడిగా చెప్పాడు. నా సందేశంలోని ముఖ్యమైన వాక్యం ఈ వచనంలోనుంచే వచ్చింది.

నిరీక్షణ వాక్యం

సందేశంలో కష్టమైన వాక్యం ఇదే. దీనికి ఎక్కువ సమయం పెట్టండి.

లీడరైన మొదటి ఏడాది నేనిలా రాశాను: "ఈ ఈస్టర్ మన జీవితాల్లో విజయాన్ని తెస్తుంది. రాబోయే ఫలితాల్లో ప్రభువు మనల్ని తలెత్తుకునేలా చేస్తాడు." బోలెడు హల్లెలూయలు వచ్చాయి. పదిహేను రోజులకు ఫలితాలు వచ్చాయి. ఒక తమ్ముడు రెండు సబ్జెక్టులు పోయాడు. రెండు నెలలు కూడికకు రాలేదు. ఇంటికి వెళ్తే గుమ్మం దగ్గరే అడిగాడు: "అన్నా, నువ్వు రాసింది అందరికీనా, పాసైనవాళ్లకేనా?" నా దగ్గర జవాబు లేదు. దేవుడు ఇవ్వని మాటను దేవుడి పేరుమీద నేను ఇచ్చాను. అప్పట్నుంచి ఒక పరీక్ష పెట్టుకున్నాను. వాక్యం రాశాక, రేపు ఫలితం చెడ్డదైతే ఇది ఇంకా నిజంగా ఉంటుందా అని అడుగుతాను. ఉండదనిపిస్తే కొట్టేస్తాను.

"అన్నీ మంచికే జరుగుతాయి", "ఇక కన్నీళ్లు ఉండవు", "ఈ ఏడాది నీదే" ఇవేవీ ఆ పరీక్షకు నిలవవు. డయాలసిస్ తమ్ముడు "ఇక కన్నీళ్లు ఉండవు" అన్న మాటను మంగళవారం ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని చదువుకుంటాడు. మరి ఏ మాట నిలుస్తుంది? జరిగిపోయినదాన్ని గురించిన మాట నిలుస్తుంది. ఆయన లేచాడు, ఆయన ముందుగా వెళ్లాడు. మన రాయి ఎప్పుడు కదులుతుందో తెలియదని ఒప్పుకుని, తెలిసినదాన్ని పక్కనే పెట్టాలి. "నాకు తెలియదు" అని లీడరు రాస్తే ఆశ తగ్గిపోతుందేమోనని నేనూ మొదట భయపడ్డాను. కానీ 2024 సందేశానికి ఎక్కువ జవాబులు వచ్చింది సరిగ్గా ఆ రెండు మాటల మీదే.

ఏ తెలుగులో రాయాలి

మన సంఘాల్లో రెండు తెలుగులు నడుస్తాయి. బైబిలు తెలుగు ఒకటి, మనం ఇంట్లో మాట్లాడేది ఒకటి. "పునరుత్థానుడైన ప్రభువగు యేసుక్రీస్తు నామమున యౌవన సహోదర సహోదరీలందరికిని నా హృదయపూర్వక వందనములు" అని మొదలుపెడితే పది మాటలు అయిపోతాయి, చెప్పింది ఏమీ ఉండదు. సందేశం కింద పేరు మనదే కాబట్టి మనం మాట్లాడినట్టే రాయాలి. "మీ జీవితము వికసించును గాక" అని నేను ఏ తమ్ముడి ముందూ ఎప్పుడూ అనలేదు. అలాంటప్పుడు రాయడమెందుకు?

ఒక్క చోట మాత్రం పాత తెలుగును ముట్టుకోకండి. "క్రీస్తు లేచెను" అన్న మాట "క్రీస్తు లేచాడు" అని రాస్తే తప్పేం కాదు, కానీ పిల్లల నోట జవాబు రాదు. "లేచెను" అని చూడగానే "నిజముగా లేచెను" అని వేళ్లు వాటంతటవే కొట్టేస్తాయి. తరాలుగా గుడిలో నానిన మాట అది. సందేశాన్ని దానితోనే మొదలుపెట్టండి, విడి వరసలో పెట్టండి. ముందూ వెనకా ఒక్కో నక్షత్రం గుర్తు పెడితే వాట్సాప్‌లో అది మందంగా కనిపిస్తుంది.

ఇంకో రెండు మాటల దగ్గర జాగ్రత్త. "సమాధానం" అంటే సంఘంలో శాంతి. కిందటి నెలే స్నేహితుడి వెంట కూడికకు వచ్చిన పిల్లవాడికి అది ప్రశ్నకు జవాబు. "నిరీక్షణ" కూడా అంతే, పుట్టినప్పట్నుంచీ గుడికి వచ్చేవాళ్లకు గుండెలో ఉండే మాట, కొత్తవాళ్లకు పత్రికలో కనపడే మాట. నేనైతే నిరీక్షణ అన్న మాటను సందేశంలో రాయకుండా "ఎదురుచూస్తున్నవాళ్లం" అని రాశాను. భావం అందరికీ ఒక్కలాగే అందింది.

చిత్తుప్రతి, కత్తిరింపు

గురువారం పొద్దున రాసిన మొదటి ప్రతి ఇది:

> ప్రభువునందు ప్రియమైన యూత్ సభ్యులందరికీ పునరుత్థాన పండుగ శుభాకాంక్షలు! నలభై రోజుల శ్రమకాలం ముగించుకుని, శుభ శుక్రవారం సిలువను ధ్యానించి, ఈ రోజు మనం ఎంతో సంతోషంతో ఈస్టర్ జరుపుకుంటున్నాం. ఇంకా చీకటిగా ఉండగానే ముగ్గురు స్త్రీలు సమాధికి వెళ్లారు. రాయి ఎవరు దొర్లిస్తారని దిగులుపడ్డారు. కానీ దేవుడు రాయిని దొర్లించాడు! అలాగే మన జీవితాల్లో ఉన్న ప్రతి రాయినీ దేవుడు ఈ రోజే తొలగిస్తాడు. కాబట్టి మనం కూడా దిగులుపడక, ప్రార్థనలో గడుపుతూ, సంఘానికి క్రమంగా వస్తూ, లేచిన ప్రభువుకు సాక్షులుగా జీవిద్దాం. ఆమెన్.

మొదటి రెండు వాక్యాలూ వాళ్లకు తెలిసినవే. శ్రమకాలం అయిందనీ శుక్రవారం గడిచిందనీ వాళ్లకు మనం చెప్పక్కర్లేదు. అవి తీసేశాను. "చీకటిగా" అన్నది అయ్యగారు పట్టుకున్న తప్పు. "ఈ రోజే తొలగిస్తాడు" అన్నది పరీక్షకు నిలవలేదు. చివరి వాక్యంలో ప్రార్థన, హాజరు, సాక్ష్యం అని మూడు పనులు అప్పజెప్పాను. పండుగ పూట పిల్లవాడు చదివేది శుభాకాంక్ష, అందులో "క్రమంగా వస్తూ" అన్నది దెప్పినట్టు తగులుతుంది. రాని నలుగురికీ అది తమ గురించే అనిపిస్తుంది. మొత్తం వాక్యం పోయింది. దాని బదులు చేయగలిగిన ఒక చిన్న పిలుపు పెట్టాను.

చివరికి గ్రూపులో పెట్టింది:

> *క్రీస్తు లేచెను!*
>
> ఆ ఆదివారం పెందలకడే ముగ్గురు స్త్రీలు సమాధికి బయల్దేరారు. రాయి ఎవరు దొర్లిస్తారో వాళ్లకి తెలియదు. అయినా నడిచారు. వెళ్లి చూస్తే రాయి అప్పటికే పక్కకు దొర్లి ఉంది.
>
> మనలో ఫలితాల కోసం, పని కోసం, ఇంట్లో ఒకరి ఆరోగ్యం కోసం ఎదురుచూస్తున్నవాళ్లం ఉన్నాం. మన ముందున్న రాయి ఎప్పుడు కదులుతుందో నాకు తెలియదు. మనకంటే ముందుగా వెళ్లిన ప్రభువు అక్కడ ఉన్నాడని తెలుసు.
>
> ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద టీ తాగుదాం. దూరంగా ఉన్నవాళ్లకు సాయంత్రం ఫోన్ చేస్తాను.
>
> మార్కు 16:1–7

అరవై మాటల చిల్లర. వచనాన్ని పూర్తిగా ఎత్తి రాయలేదు, దృశ్యం మన మాటల్లో ఉంది కాబట్టి అధ్యాయం, వచనాలు చెబితే చాలు. చదవాలనుకున్నవాళ్లు తెరుచుకుంటారు. "ఎదురుచూస్తున్నవాళ్లు" అని కాకుండా "ఎదురుచూస్తున్నవాళ్లం" అని రాయడం గమనించండి. ఆ సున్నా ఒక్కటి తీసేస్తే లీడరు గట్టుమీద నిలబడి నీళ్లలో ఉన్నవాళ్లతో మాట్లాడినట్టు ఉంటుంది.

రాశాక ఒకసారి పైకి చదవండి. మధ్యలో ఊపిరి ఆగిన చోట వాక్యం పొడుగైందని అర్థం. ఆ తర్వాత ఇంట్లో పదో తరగతి చదివే పిల్లకో పిల్లవాడికో చూపించి, ఏం అర్థమైందో చెప్పమనండి. మా మేనకోడలు "అయితే టీ ఉందన్నమాట" అంది. తర్వాత "రాయి గురించి నీకూ తెలియదా మామయ్యా?" అని అడిగింది. రెండూ అందాయని తెలిసింది.

ఎప్పుడు పంపాలి, ఎలా పంపాలి

శుక్రవారం ఏమీ పంపకండి. "గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు" అని పంపేవాళ్లు ఏటా కనిపిస్తారు, ఆ రోజు శుభాకాంక్షలు చెప్పే రోజు కాదు. శనివారం రాత్రి తొమ్మిదింటికి వేరే సందేశం పెట్టండి. ఎన్నింటికి, ఎక్కడ చేరాలి, కొవ్వొత్తులు ఎవరు తెస్తున్నారు, ఇంతే. అందులో "లేచెను" అనకండి. శనివారం రాత్రికి సమాధి ఇంకా మూసే ఉంది. పనుల వివరాలన్నీ అక్కడే అయిపోతే ఆదివారం సందేశం తేలిగ్గా ఉంటుంది.

ఆదివారం సందేశాన్ని అందరూ లేచే వేళకు పంపండి. మాకు ఆరాధన ఐదింటికి కాబట్టి నేను నాలుగింటికి పంపేవాణ్ణి. ముందే ఫోనులో నోట్స్‌లో దాచుకుంటే అప్పుడు అతికించి పంపడమే. కువైట్‌లో ఉన్నవాళ్లకు మనకంటే రెండున్నర గంటలు వెనక, అంటే అక్కడ రాత్రి ఒకటిన్నర. అక్కడ సెలవు శుక్రవారం, ఆదివారం పనిరోజు. మా తమ్ముడు ఈస్టర్ రోజు కూడా డ్యూటీకి వెళ్లాలి. అందుకే "దూరంగా ఉన్నవాళ్లకు సాయంత్రం ఫోన్ చేస్తాను" అన్న వాక్యం రాసింది. రాసినందుకు నిజంగా చేయాలి. ఫోన్ చేయలేననుకుంటే ఆ వాక్యం రాయకండి.

అక్షరాలుగానే పంపండి, బొమ్మగా కాదు. పొద్దున్నుంచీ ప్రతి గ్రూపులోనూ లిల్లీ పూలు, ఖాళీ సమాధి బొమ్మలు వచ్చిపడతాయి, మనది వాటిలో కలిసిపోతుంది. ఫ్లెక్సీ షాపువాడి దగ్గర అను ఫాంటులో టైపు చేయించినదాన్ని మాత్రం కాపీ చేసి పెట్టకండి. ఫోనులో అది తెలుగుగా రాదు, పిచ్చి గుర్తులుగా వస్తుంది. ఫోను కీబోర్డులోనే కొట్టి, పంపేముందు "లేచెను" అన్న మాట సరిగా పడిందో లేదో చూసుకోండి, ఎందుకంటే కీబోర్డు దాన్ని తనకు తెలిసిన ఇంకో మాటగా మార్చేస్తుంటుంది.

గ్రూపు కాకుండా బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. మీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు సేవ్ చేసుకుని ఉండరు. అందరికంటే ముందు చేరాల్సినవాళ్లకే చేరకుండా పోతుంది.

పేర్లు రాయకపోవడానికి కారణం కూడా ఇక్కడే చెప్పాలి. యూత్‌లో కొందరు ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లు ఉంటారు, ఇంట్లో అందరూ ఒకే ఫోను వాడేవాళ్లు ఉంటారు. పేరు పెట్టి "నీ కోసం ప్రార్థిస్తున్నాం" అని గ్రూపులో రాస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు. డయాలసిస్ సంగతి కూడా ఆ తమ్ముడు అందరికీ చెప్పుకోలేదు. అందుకే "ఇంట్లో ఒకరి ఆరోగ్యం" దగ్గర ఆపాను.

విడిగా రాయాల్సినవి

నాన్నను పోగొట్టుకున్న చెల్లికి గ్రూపు సందేశం సరిపోదని చెప్పాను కదా. ఆమె ఆ ఉదయం సమాధుల తోటకు మొదటిసారి ఒక కొత్త సమాధి కోసం వస్తోంది. సున్నం తడి ఆరని సమాధి. ఆమె రాయి దొర్లలేదు. "రాయి దొర్లి ఉంది" అన్న మాట ఆమెకు ఎలా వినిపిస్తుందో ఊహించి, శనివారం సాయంత్రమే విడిగా రాశాను:

> అమ్మా, రేపు నాన్నగారి దగ్గర కొవ్వొత్తి పెట్టేటప్పుడు మీ వదిన, నేనూ నీ పక్కన ఉంటాం. ఏడుపొస్తే ఏడువు. మరియ కూడా ఏడుస్తూనే నిలబడింది, ప్రభువు ఆమె దగ్గరికే ముందు వచ్చాడు.

ఇందులో శుభాకాంక్షలు లేవు, ఆశ్చర్యార్థకం లేదు. శనివారమే పంపడం ఎందుకంటే, ఆదివారం గ్రూపులో సంతోషం పొంగేలోపు ఆమెకు తన వంతు మాట అంది ఉండాలి. చెల్లెళ్లకు ఇలాంటివి లీడరు భార్యో, అమ్మగారో రాస్తే ఇంకా మంచిది. మా ఇంట్లో ఆమే చదివి "ఏడువు" అన్న మాట ఉంచమంది, నేను తీసేద్దామనుకున్నాను.

ఖాళీ వదిలిన నలుగురి పేర్లు ఇప్పుడు తీయండి. ఆదివారం సాయంత్రం కువైట్‌కు ఫోన్ చేశాక ఈ నలుగురికీ చేయండి. సందేశం చూశావా అని అడగకండి. ఎలా ఉన్నావని అడిగితే చాలు. ఆ ఏడాది ఇద్దరు ఎత్తారు. ఒకడు రాపిడో నడుపుతున్నానని చెప్పాడు. ఆదివారాలే బేరాలు ఎక్కువట. పుస్తకంలో అతని పేరు పక్కన ఖాళీ నిండింది.

మిగతా ఇద్దరి కోసం ఇంకో వారం ఉంది. యోహాను ఇరవైలో, మొదటి ఆదివారం సాయంత్రం తోమా అక్కడ లేడు. ఎనిమిది రోజుల తర్వాత యేసు మళ్లీ వచ్చాడు, ఈసారి తోమా ఉన్నాడు. కాబట్టి ఈస్టర్ తర్వాతి ఆదివారానికి ఒక్క వరస దాచుకోండి. నేను ఆ ఇద్దరికీ విడివిడిగా పంపింది ఇదే:

> తమ్ముడూ, పోయినవారం నువ్వు లేవు. ఈ సాయంత్రం ఆరింటికి వేపచెట్టు దగ్గరే ఉంటాను, టీ ఇద్దరికీ చెప్తాను.